కుట్ల చుట్టూ ఎరుపు: మానుతోందా, సెప్టిక్ అవుతోందా? ఫోటోలు పెట్టాను, చూడండి

హూడి_హరీష్
మా నాన్నగారికి 64 ఏళ్ళు, షుగర్ ఉంది. బెంగళూరులో హూడి దగ్గర ఫుట్‌పాత్ మీద బండ ఊగి కాలు సందులోకి దిగిపోయింది. కుడికాలి ముందు ఎముక మీద, మోకాలికీ చీలమండకీ మధ్యలో నిలువుగా తెగింది. పక్కనే ఉన్న క్లినిక్‌లో కడిగి ఏడు కుట్లు వేశారు, టీటీ ఇంజెక్షన్ ఇచ్చారు.

మూడు ఫోటోలు పెడుతున్నా. మొదటిది కుట్లు వేసిన మర్నాడు తీసింది. రెండోది మూడో రోజు. మూడోది ఇవాళ, అయిదో రోజు రాత్రి. మొదటి రెండిట్లో కుట్ల పక్కన సన్నగా ఎరుపుంది, అంతే. ఇవాళ కట్టు విప్పితే గాయానికి రెండు వైపులా అరచేయంత మేర కందిపోయి ఉంది. గాజుగుడ్డ మీద పసుపు మరక కూడా కనిపించింది. జ్వరం లేదు. నాన్న "ఏం కాలేదురా, దురదగా ఉందంతే" అంటున్నారు. మా ఆవిడ సెప్టిక్ అయిందని గట్టిగా అంటోంది. ఆదివారం రాత్రి, ఆ క్లినిక్ రేపు పొద్దున పదింటిదాకా తియ్యరు. ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలా, రేపటిదాకా ఆగొచ్చా? ఫోటో చూసి చెప్పగలిగేది ఏమైనా ఉందా అసలు?

కేఆర్‌పురం_కుర్రోడు
అరచేయంత ఎరుపంటే సెప్టిక్కే అన్నా. డౌటే లేదు. ఇంట్లో మొన్నటి జలుబుకి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ ఏదైనా ఉంటే మొదలెట్టెయ్.

వైట్‌ఫీల్డ్_వాణి
జలుబుకి మిగిలిన మాత్ర కాలి గాయానికి వేసేస్తారా? రెండు మాత్రలు మింగించి రేపు డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన చీము టెస్టుకి పంపినా అందులో ఏమీ పెరగకపోవచ్చు. ఏ క్రిమో తెలీకుండా పోతుంది. అలాంటి సలహాలు ఇవ్వకండి బాబూ.

మందులషాపు_మూర్తి
నేను కౌంటర్ మీద రోజూ ఇలాంటివి చూస్తుంటాను. లెక్క సింపుల్. కుట్ల అంచు నుంచి ఎరుపు ఒక అంగుళం దాటితే ఇన్ఫెక్షన్, లోపలే ఉంటే మామూలు మానడం. మీది రెండంగుళాలు దాటింది. పసుపు మరకుంది. షుగరుంది. ఇంకేం కావాలి?

పిల్లి_పద్మ
మా పిల్లి గీరిన చోట కూడా ఇలాగే ఎర్రగా అయింది, ఫోటో పెట్టనా? చిన్న గీతే, రక్తం చుక్క వచ్చింది అంతే. నిన్న సాయంత్రం గీరింది. ఇది మానుతున్నట్టేనా?

డ్రెస్సింగ్_సిస్టర్
పద్మ గారూ, మీది ముందు చెప్తాను. రక్తం వచ్చేలా పిల్లి గీరితే ఎరుపు సంగతి తర్వాత. సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగండి, ఈ రాత్రే వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి. ఇంజెక్షన్ గాయం చుట్టూ కూడా కావాలో లేదో అక్కడ చూసి చెప్తారు. దానికి ఫోటో అక్కర్లేదు.

హరీష్ గారూ, నేను ఇక్కడే ఒక ఆసుపత్రి సర్జికల్ వార్డులో పనిచేస్తాను, రోజంతా కట్లు విప్పి కట్టడమే. మీ మూడో ఫోటో మీద నేను ఇప్పుడే ఏమీ చెప్పను, ఎందుకో తర్వాత చెప్తా. ముందు వీటికి జవాబివ్వండి. నొప్పి నిన్నటికన్నా ఇవాళ పెరిగిందా తగ్గిందా? మీ అరచేతి వెనక వైపు ముందు మంచి కాలి మీద, తర్వాత గాయం పక్కన అదే చోట ఆనించి చూడండి, వేడి తేడా ఉందా? గజ్జల్లో బిళ్ళ కట్టిందా? ఎర్రటి గీతలాంటిది పైకి తొడవైపు పాకుతోందా? వణుకు, వాంతులు, మనిషి మందకొడిగా ఉండటం ఉన్నాయా? చర్మం నల్లగానో ఊదాగానో మారడం, నీటిపొక్కులు లేవడం, ముట్టుకుంటే అరిచేంత నొప్పి... వీటిలో ఒక్కటున్నా ఇక్కడ టైపు చెయ్యకండి, ఆటో ఎక్కండి. అలాంటివి గంటల్లో ముదురుతాయి.

ఫోటో_ఫణి
నేను డాక్టర్ని కాదు, పెళ్ళిళ్ళ ఫోటోలు తీస్తాను. కానీ ఒక్క మాట. మొదటి రెండు ఫోటోలు పగటి వెలుగులో తీసినవి. మూడోది పసుపు బల్బు కింద. అందులో దుప్పటి చూడండి. రెండో ఫోటోలో అదే దుప్పటి తెల్లగా ఉంది, మూడోదాంట్లో నారింజ రంగు కొడుతోంది. ఆ వెలుగులో నా చెయ్యి పెట్టినా కందినట్టే కనిపిస్తుంది. పైగా ఫోన్ తనంతట తానే రంగులు చిక్కగా చేస్తుంది. ఎరుపు నిజంగా ఎంత పెరిగిందో ఈ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చెప్పడం కుదరదు.

మందులషాపు_మూర్తి
అంటే ఎరుపే లేదంటావా?

ఫోటో_ఫణి
లేదనలేదు సార్. ఎంతుందో ఈ ఫోటో చెప్పదు అంటున్నా.

డ్రెస్సింగ్_సిస్టర్
ఫణి గారు అన్నదే నేను ఆగడానికి ఒక కారణం. రెండోది, మూడో ఫోటో మరీ దగ్గర నుంచి తీశారు, గాయం సగమే ఫోకస్‌లో ఉంది. కింది కొస మసక.

ఇలా తీసి పెట్టండి. ముందు నాన్నగారిని కాలు దిండు మీద పెట్టి పావుగంట పడుకోబెట్టండి. కాలు కిందికి వేలాడేసుకుని కూర్చుంటే ముందు ఎముక మీది గాయం ఎవరికైనా ఎర్రబడి ఉబ్బుతుంది, పడుకుంటే చాలావరకు దిగిపోతుంది. తెల్ల ట్యూబ్‌లైట్ కింద, ఫ్లాష్ లేకుండా, గాయం పక్కన తెల్ల కాగితం, ఒక స్కేలు పెట్టి తీయండి. ఒక ఫోటో మోకాలి నుంచి పాదం దాకా దూరంగా. ఒకటి జానెడు దూరం నుంచి, గాయం రెండు కొసలూ కనిపించేలా. ఒకటి పక్క నుంచి, కెమెరా చర్మం ఎత్తులో పెట్టి, వాపు తెలిసేది అందులోనే. నాలుగోది విప్పిన గాజుగుడ్డ, గాయానికి ఆనిన వైపు. చెత్తబుట్టలో వెయ్యలేదు కదా?

హూడి_హరీష్
గాజుగుడ్డ ఇంకా ఉంది సిస్టర్. నొప్పి అడిగితే "పైన ఏం లేదు, కిందివైపు కాస్త సలుపుతోంది, నిన్న లేదు" అన్నారు. ఇందాక ఆ మాట చెప్పలేదు! వేడి మా ఆవిడ చూసింది, కింది కొస దగ్గర మాత్రం వెచ్చగా ఉందంటోంది. బిళ్ళ లేదు, గీత లేదు, వణుకు లేదు. టీవీ చూస్తూ మిమ్మల్నందర్నీ తిడుతున్నారు. ఫోటోలు తీసి పెడతా.

అనంతపురం_అల్లుడు
పప్పు పెట్టారా ఈ నాలుగు రోజుల్లో? పప్పు తింటే చీము పడుతుంది. వంకాయ కూడా.

వైట్‌ఫీల్డ్_వాణి
వచ్చేశారండీ పథ్యం పార్టీ 😄

డ్రెస్సింగ్_సిస్టర్
పప్పు ఆపకండి. గాయం పూడాలంటే మాంసకృత్తులు కావాలి. షుగర్ ఉన్నవాళ్ళకి పప్పు మానిపించి తెల్లన్నం ఎక్కువ పెడితే అసలు నష్టం అక్కడ. షుగర్ ఎంతుందో చూశారా ఈ మధ్య?

హూడి_హరీష్
ఇప్పుడే మిషన్‌తో చూశాం, 268. మాత్రలు వేసుకుంటున్నారు, అయినా అంత ఉంది.

నాలుగు ఫోటోలు పెట్టాను, 4 నుంచి 7 వరకు. మీరు చెప్పినట్టే తీశాను. కాలు పైకి పెట్టి పడుకున్నాక ఎరుపు కొంచెం తగ్గినట్టుంది, పోలేదు.

చెన్నై_చందూ
నాలుగో ఫోటో చూడగానే నవ్వొచ్చింది. ఈ ఎరుపు నలుచదరంగా ఉంది! గాయం నిలువు గీత, ఎరుపేమో అచ్చు గుమ్మం ఫ్రేములా ఉంది. నాకు వేళచ్చేరిలో అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక సరిగ్గా ఇలాగే అయింది. ప్లాస్టర్ పడలేదు. ఎక్కడెక్కడ అంటించారో అక్కడంతా గీసినట్టు ఎర్రబడి దురదెక్కింది, చిన్న చిన్న పొక్కులొచ్చాయి. గాయం మటుకు శుభ్రంగా ఉంది. మా అత్తగారు మూడు దేవుళ్ళకి మొక్కేసుకున్నారు అప్పటికే. హరీష్ గారూ, ఇది ప్లాస్టర్ ఎలర్జీ, హాయిగా పడుకోండి.

కేఆర్‌పురం_కుర్రోడు
అరే నిజమే. మూలలు కూడా తెలుస్తున్నాయి. నా మాట వెనక్కి.

మందులషాపు_మూర్తి
మరి పసుపు మరక? అది చీము కాదా?

డ్రెస్సింగ్_సిస్టర్
చందూ గారు చూసింది కరెక్ట్. పెద్ద ఎరుపు ప్లాస్టర్‌దే. ఇన్ఫెక్షన్ ఎరుపుకి సరళరేఖలుండవు, మూలలుండవు. గాయం అంచున చిక్కగా మొదలై బయటికి పోయేకొద్దీ పలచబడి ఎక్కడ ఆగిందో తేల్చలేనట్టు ఉంటుంది. మీ ఫోటోలో ఎరుపు గాయం దగ్గర తక్కువ, ప్లాస్టర్ అంటిన చోట ఎక్కువ, మధ్యలో గాజుగుడ్డ కప్పిన చోట చర్మం మామూలుగా ఉంది. దురద అని నాన్నగారు మొదటే చెప్పారు కూడా. ఇన్ఫెక్షన్ దురద పెట్టదని కాదు, కానీ దురదకన్నా నొప్పి ముందుంటుంది.

కానీ "హాయిగా పడుకోండి" దగ్గర నేను ఒప్పుకోను. అయిదో ఫోటోలో అందరం పెద్ద ఎరుపు చూస్తున్నాం, కింది కొస చూడండి. పై నుంచి అయిదు కుట్ల దగ్గర అంచులు ఒకదానికొకటి ఆని ఉన్నాయి, మధ్యలో సన్నటి పొడి పక్కు కట్టింది. ప్రతి కుట్టు దిగిన రంధ్రం చుట్టూ ఆవగింజంత ఎర్రచుక్క ఉంది, అన్నిటికీ ఒకేలా. ఒంట్లోకి దారం దిగితే చర్మం చూపించే చిరాకు అది, కుట్లు తీస్తే పోతుంది. కింది రెండు కుట్ల దగ్గర కథ వేరు. దారం చర్మంలోకి కోసుకుపోతున్నట్టు గాడి పడింది. దారం బిగుసుకోలేదు, కింద చర్మం ఉబ్బింది. అక్కడ చర్మం నున్నగా మెరుస్తోంది, పైన ఉన్న సన్న గీతలు, వెంట్రుక కుదుళ్ళు ఇక్కడ కనిపించడం లేదు. అంచులు ఒక నువ్వుగింజంత విడిపోయాయి. ఆరో ఫోటోలో, పక్క నుంచి తీసిందాంట్లో, ఆ చోటు చిన్న గుట్టలా లేచింది.

ఫోటో_ఫణి
మెరుపు నిజమే. కానీ ట్యూబ్‌లైట్ నేరుగా పడితే కూడా చర్మం అలా మెరుస్తుంది కదా సిస్టర్? పైన రాసిన ఆయింట్‌మెంట్ అయినా కావచ్చు.

డ్రెస్సింగ్_సిస్టర్
మంచి అనుమానం. అందుకే మెరుపు ఒక్కటే చూసి చెప్పలేదు. ఆయింట్‌మెంట్ మెరుపైతే తుడిస్తే పోతుంది, చర్మం గీతలు దాని కింద నుంచి కనిపిస్తాయి. ఇక్కడ గీతలే సాగిపోయాయి, దారం దిగబడింది, అదే చోట వెచ్చగా ఉంది, అదే చోట నిన్న లేని సలుపు ఇవాళ వచ్చింది. వేడి, సలుపు ఫోటోలో రావు, అందుకే ముందే అడిగాను. నాలుగూ ఒకే చోట కలిస్తే ఆ చోటుని నమ్మను.

ఎరుపు నమ్మకపోవడానికి ఇంకో కారణం ఉంది. హరీష్ గారి నాన్నగారు చామనఛాయ. కాస్త నల్లటి చర్మం మీద ఇన్ఫెక్షన్ ఎర్రగా కనిపించాలని రూలేమీ లేదు. కమిలినట్టు, గోధుమ ఊదా రంగులో కనిపిస్తుంది. ఆ కింది కొస రంగు చూడండి, పైన ప్లాస్టర్ మచ్చకన్నా తక్కువ ఎరుపు, ఎక్కువ ముదురు. పుస్తకాల్లో తెల్లవాళ్ళ ఫోటోలు చూసి ఎరుపు కోసం వెతికితే అసలు చోటు దాటిపోతాం.

మూర్తి గారు అడిగిన పసుపు మరక, ఏడో ఫోటో. దాంట్లో రెండు రకాలున్నాయి. పెద్దది లేత పసుపు, గుడ్డలోకి ఇంకిపోయింది, చుట్టూ నీటి వలయంలా ఆరి గరుకుగా ఉంది. అది రసి. మొదటి రెండు మూడు రోజులు ఏ గాయమైనా పలచగా కారుస్తుంది. దాని కింద శనగగింజంత మచ్చ ఉంది చూడండి, గుడ్డలోకి ఇంకకుండా పైనే ముద్దలా నిలిచింది, ఆకుపచ్చ కలిసిన పసుపు. అది నాకు నచ్చలేదు. ఆయింట్‌మెంట్‌తో రసి కలిసినా ఇలాగే ముద్ద కట్టి మోసం చేస్తుంది. హరీష్ గారూ, ఆయింట్‌మెంట్ రాశారా?

హూడి_హరీష్
లేదు సిస్టర్. క్లినిక్‌లో మొదటిరోజు ఎర్రమందు రాశారు, తర్వాత మేం ఏం రాయలేదు.

మందులషాపు_మూర్తి
సరే, నా అంగుళం లెక్క ఇక్కడ పనిచెయ్యలేదనుకోండి. కానీ ఎరుపు పాకుతోందా లేదా అన్నది చూడాలిగా? గీత గీసి చూడమనండి.

డ్రెస్సింగ్_సిస్టర్
మీ లెక్కలో సగం పనికొస్తుంది మూర్తి గారూ. ఒక ఫోటోలో ఎంత ఉందో చూసి తేల్చే బదులు, ఈ పూటకి ఆ పూటకి మధ్య ఎటు పోతోందో చూడాలి. మామూలుగా మానే గాయంలో ఎరుపు రెండు మూడు రోజులు పెరిగి, తర్వాత అంచుకి ముడుచుకుంటుంది. ముడుచుకున్నది నాలుగో రోజో అయిదో రోజో మళ్ళీ విచ్చుకుంటే అప్పుడు భయపడాలి. కుట్ల గాయాల్లో చీము ఎక్కువగా బయటపడేది ఆ రోజుల్లోనే.

గీత రెండు చోట్ల గియ్యండి హరీష్ గారూ. ప్లాస్టర్ ఎరుపు చుట్టూ కాదు, దాన్ని వదిలెయ్యండి. కింది కొసలో ముదురు రంగు ఎక్కడ ఆగిందో అక్కడ బాల్‌పెన్‌తో చుట్టూ ఒక గీత. వాపు గుట్ట అంచున చుక్కలు. పక్కనే టైము రాయండి. మూడు నాలుగు గంటల తర్వాత లేచి అదే లైటు కింద ఇంకో ఫోటో. గీత దాటినా, జ్వరం వచ్చినా, నొప్పి ఆగకపోయినా రాత్రే ఎమర్జెన్సీ. లేదంటే పొద్దున పదింటికి మొదటి పేషెంట్ మీరే కావాలి. రెండ్రోజులు చూద్దాం అనే మాట లేదు, షుగర్ 268 ఉంది. ప్లాస్టర్ మళ్ళీ అంటించకండి. శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి రోలర్ కట్టు వదులుగా చుట్టండి. నొక్కి చీము తియ్యాలని మాత్రం చూడకండి.

చెన్నై_చందూ
నా కళ్ళకి కింది కొస ఇప్పటికీ మామూలుగానే కనిపిస్తోంది. ఆపరేషన్ తర్వాత నాకూ కుట్ల కింద గట్టిగా తాడులా తగిలేది, డాక్టర్ అది మానుతున్న గుర్తే అన్నారు.

డ్రెస్సింగ్_సిస్టర్
ఆ తాడు గాయం పొడవునా ఒకే మందంలో ఉంటుంది, గట్టిగా ఉంటుంది, నొక్కితే పెద్దగా నొప్పెట్టదు. దాదాపు అయిదో రోజు నుంచి తగులుతుంది, ఉంటే మంచిదే. ఇది ఒక్క కొసనే, పైగా సలుపుతోంది. తేడా అక్కడుంది. అయినా నేను ఫోన్‌లో బొమ్మ చూసి చెప్తున్నాను, ముట్టుకుని చూసే డాక్టర్ మాటే చివరిది.

అనంతపురం_అల్లుడు
పసుపు అద్దితే?

వైట్‌ఫీల్డ్_వాణి
అద్దండి. రేపు డాక్టర్ ఏ రంగు చూడాలో తెలీక బుర్ర గోక్కుంటారు.

ఫోటో_ఫణి
నవ్వినా అది నిజం. పసుపు, ఎర్రమందు, కాఫీపొడి ఏది పూసినా ఫోటో దండగ. ఇంకోటి, డాక్టర్‌కి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే నలిపేసి పంపుతుంది, సిస్టర్ చెప్పిన సన్న గీతలన్నీ మాయమైపోతాయి. గీతలు సాగిపోయాయనుకుని అనవసరంగా కంగారు పడతారు.

హూడి_హరీష్
రాత్రి ఒంటిగంటకి చూశాను. గీత దాటలేదు. కానీ గుట్ట అంచు చుక్కల్ని ఆనుకుంది, ఇందాక కొంచెం లోపలికి ఉండేది. జ్వరం 99.1. సలుపు అలాగే ఉంది, నిద్ర పట్టింది ఆయనకి, నాకే పట్టలేదు. పొద్దున వెళ్తాం.

హూడి_హరీష్
వెళ్ళొచ్చాం. డాక్టర్ చూడగానే పెద్ద ఎరుపు ప్లాస్టర్‌దే అన్నారు, చందూ గారికి థ్యాంక్స్. తర్వాత వేలితో కింది కొస నొక్కితే నాన్న కుర్చీలోంచి లేచారు. కింది రెండు కుట్లు తీశారు. అర టీస్పూను చిక్కటి చీము వచ్చింది. కొంచెం పుల్లతో తీసి కల్చర్‌కి పంపారు, సెలైన్‌తో బాగా కడిగి, ఆ రెండు కుట్ల మేర మూయకుండా లోపల గాజు పట్టీ పెట్టి వదిలేశారు. పై అయిదు కుట్లు కదపలేదు, అవి బాగానే ఉన్నాయన్నారు. రోజూ డ్రెస్సింగ్. అయిదు రోజులకి యాంటీబయాటిక్ రాశారు. షుగర్ మందు మార్చడానికి ఫిజీషియన్‌ని కలవమన్నారు.

కేఆర్‌పురం_కుర్రోడు
చూశారా, సెప్టిక్కే అన్నాను కదా మొదట్లో 😎

వైట్‌ఫీల్డ్_వాణి
నువ్వు చూపించింది ప్లాస్టర్ మచ్చ నాయనా. ఆగిపోయిన గడియారం కూడా రోజుకి రెండుసార్లు కరెక్టే.

మందులషాపు_మూర్తి
యాంటీబయాటిక్ రాశారుగా చివరికి. మొదటే వేసుంటే ఈ కుట్లు తియ్యాల్సిన పని ఉండేది కాదు.

డ్రెస్సింగ్_సిస్టర్
అలా కాదండీ. లోపల చీము కట్టాక మాత్ర అక్కడిదాకా సరిగా చేరదు. దారి తెరిచి బయటికి వదలడమే మందు. చుట్టూ ఎరుపు తక్కువుండి ఒంట్లో జ్వరం లేకపోతే, తెరిచి కడిగి మాత్ర లేకుండానే చూసే సర్జన్లు ఉన్నారు. ఇక్కడ షుగరుంది, కాలు ముందు ఎముక మీద రక్తప్రసరణ తక్కువ, అందుకని రాసుంటారు. మీరన్నట్టు ముందే మాత్ర వేసుంటే పైపైన నొప్పి తగ్గి ఇంకో మూడు రోజులు ఇంట్లో కూర్చునేవాళ్ళేమో.

మందులషాపు_మూర్తి
అది మీ అభిప్రాయం. మూడో రోజే వేసుంటే చీము కట్టే దశే రాకపోయుండొచ్చు. దానికి మీ దగ్గరా రుజువు లేదు, నా దగ్గరా లేదు.

ఫోటో_ఫణి
అందరూ ఒకసారి రెండో ఫోటో మళ్ళీ చూడండి. మూడో రోజుది. పెద్దది చేసి చూస్తే కింది చివరి కుట్టు దగ్గర అప్పటికే దారం కొంచెం దిగినట్టు అనిపిస్తోంది నాకు. అప్పుడే పట్టుకోగలిగేవాళ్ళమా?

డ్రెస్సింగ్_సిస్టర్
నేనూ చూశాను. ఆ ఫోటో ఒక్కటే ఇచ్చి అడిగితే నేను మామూలే అనేదాన్ని. మూడో రోజుకి ఆ మాత్రం ఉబ్బు ఏ కుట్టు దగ్గరైనా ఉండొచ్చు. తర్వాతేమైందో తెలిశాక వెనక్కి చూస్తే అన్నీ కనిపిస్తాయి.

చెన్నై_చందూ
నాకైతే రెండో ఫోటోలో ఏమీ లేదు. ఫణి గారికి ఇప్పుడు ప్రతి కుట్టూ దిగినట్టే కనిపిస్తుంది.

పిల్లి_పద్మ
రెండో డోసు వేయించుకున్నాను సిస్టర్. పిల్లి క్షేమం. నేను కూడా.

హూడి_హరీష్
సిస్టర్, ఇవాళ్టి డ్రెస్సింగ్ ఫోటో పెట్టాను, కిటికీ వెలుగులో. తెరిచిన చోట లోపల ఎర్రగా గులకరాళ్ళలా బుడిపెలు బుడిపెలుగా ఉంది, గాజు తీస్తుంటే రక్తం చుక్క వచ్చింది. ఒక మూల పసుపు పొర అంటుకుని ఉంది, కడిగినా పోలేదు. మా ఆవిడ మళ్ళీ మొదలైంది అంటోంది. కల్చర్ రిపోర్టు ఇంకా రాలేదు.

డ్రెస్సింగ్_సిస్టర్
ఆ ఎరుపు మనకి కావలసిన ఎరుపు. తడిగా, గులాబీ ఎరుపు మధ్యలో, బుడిపెలుగా, ముడితే చుక్క రక్తం... కొత్త కండ పూడుతోంది. పసుపు పొర అంటుకుని ఉంది, కడిగితే పోలేదు అన్నారు కదా, చీమైతే సెలైన్‌కి కొట్టుకుపోతుంది. దాన్ని గోకకండి, డ్రెస్సింగ్ చేసేవాళ్ళు చూసుకుంటారు. ఆ కండ మురికి ఎరుపుకో బూడిద రంగుకో తిరిగినా, మూడు నాలుగు రోజులు కదలకుండా అలాగే ఉన్నా, వాసన వచ్చినా చెప్పండి.

మీరు ఇవాళ లోపలి గుంత ఒక్కటే ఫోటో తీశారు. చుట్టూ రెండంగుళాల చర్మం లేదు అందులో. నేను ముందు చూసేది అదే. బాల్‌పెన్ గీత ఇంకా చెరిగిపోకపోతే దాంతో సహా తీసి పెట్టండి, పక్క నుంచి కూడా ఒకటి.

హూడి_హరీష్
నాన్న స్నానంలో గీత రుద్ది పడేశారు సిస్టర్. కాలు తడపకుండా స్నానం చెయ్యమంటే కాలే ముందు తడిపారు. మళ్ళీ గీసి తీస్తా.

మందులషాపు_మూర్తి
కల్చర్ రాగానే ఇక్కడ పెట్టండి. ఆ మాత్ర పనిచేసేదో కాదో తేలుద్దాం.